ప్రూఫు దిద్దే పెన్ను ఎక్కడ ఆగాలి

ఒక దుకాణం అద్దె ఒప్పందం చిత్తుప్రతి ప్రూఫుకు వచ్చిందనుకుందాం. నాలుగో షరతు ఇలా ఉంది: “అద్దె నెలకు రూ. 18,500 (అక్షరాలా పద్దెనిమిది వేల యాభై రూపాయలు మాత్రమే) ప్రతి నెల 5వ తేదిలోగా చెల్లించ వలెను”. ‘తేదీ’కి దీర్ఘం పడలేదు. ‘చెల్లించవలెను’ మధ్యలో అనవసరంగా విరిగింది. వాక్యం చివర చుక్క లేదు. ఈ మూడూ దిద్దడానికి ప్రూఫ్ రీడర్ ఎవరినీ అడగనక్కర్లేదు. నాలుగో తప్పు వేరే రకం. అంకెల్లో ఉన్న సొమ్ముకూ అక్షరాల్లో ఉన్న సొమ్ముకూ 450 రూపాయల తేడా ఉంది. అన్నిటికంటే పెద్ద తప్పు ఇదే, ప్రూఫ్ రీడర్ ముట్టుకోకూడనిదీ ఇదే.

మన దగ్గర “కాస్త ప్రూఫులు చూసిపెట్టండి” అంటే అందులో చాలా పనులు కలిసి వస్తాయి. అచ్చుతప్పులు చూడమని చెప్పినట్టే. వాక్యం కుంటుతుంటే సరిచేయమని, రేపు ఏమైనా గొడవ వస్తుందేమో ఓ కంట కనిపెట్టమని కూడా చెప్పినట్టే. కవితల సంపుటికైతే ఈ కలగాపులగంతో పెద్దగా పోయేదేమీ లేదు. డబ్బు, భూమి, పరువు ముడిపడిన కాగితం దగ్గర మాత్రం ఎవరు దేన్ని మార్చవచ్చో ముందే తెలిసి ఉండాలి.

ముగ్గురి మధ్య తేడా తెలివితేటల్లో లేదు, చేతిలో ఏముందన్న దాంట్లో ఉంది. కాపీ ఎడిటర్ చేతికి వచ్చేది రాతప్రతి. అప్పటికింకా పేజీలు కట్టరు. వాక్యం తిరగరాయవచ్చు, పేరా ముందుకు జరపవచ్చు, ‘ఈ సంవత్సరం ఆ సంవత్సరంతో పొసగడం లేదు’ అని రచయితను అడగవచ్చు. ఒకే ఊరి పేరు మూడు రకాలుగా ఉంటే ఒకటి ఖాయం చేయవచ్చు. మన దినపత్రికల్లో డెస్కు మీద కూర్చునే సబ్ ఎడిటర్లు చేసేది చాలామటుకు ఈ పనే. ప్రూఫ్ రీడర్ దగ్గరకు వచ్చేసరికి ఆ నిర్ణయాలన్నీ అయిపోయి ఉంటాయి. ఆయన ముందు రెండు కాగితాలుంటాయి. ఒకటి అందరూ ఒప్పుకున్న ప్రతి, రెండోది దాన్ని చూసి కంపోజు చేసిన ప్రూఫు. మొదటిది రెండోదాంట్లోకి ఉన్నదున్నట్టుగా దిగిందా లేదా అన్నది ఆయన చూడాలి. ఫాంటు మార్పిడిలో ఒత్తులు చెదిరినా, పేజీ మారేచోట ఒక వరుస ఎగిరిపోయినా, ‘50’లో సున్నాకు బదులు అనుస్వారం పడినా పట్టుకోవాల్సింది ఆయనే. అచ్చులో రెండూ ఒకేలా కనిపించవచ్చుగానీ కంప్యూటరుకు మాత్రం ఒకటి అంకె, మరొకటి అక్షరం.

న్యాయవాది చదువు ఈ రెండిటికీ భిన్నం. భాష బాగుందా లేదా అన్నది ఆయనకు రెండో సంగతి. రేపు ఎదుటి పక్షం ఇదే కాగితం పట్టుకుని కోర్టుకెళ్తే ఏ వాక్యానికి ఏ అర్థం లాగుతుందో ఆయన ఊహిస్తూ చదువుతారు. కాగితంలో లేనిదాన్ని కూడా చదువుతారు. పైకప్పు కారితే బాగుచేయించేదెవరో ఒప్పందంలో రాయలేదన్న సంగతి ప్రూఫ్ రీడర్ కళ్లకు కనిపించదు. కనిపించాల్సిన పని కూడా లేదు.

ప్రూఫ్ రీడర్ది చిన్న పని అని ఇక్కడ ఎవరైనా అనుకుంటే పొరపాటు. 1955లో వచ్చిన వర్కింగ్ జర్నలిస్టుల చట్టం సంపాదకుడు, సంపాదకీయ రచయిత, రిపోర్టర్లతో పాటు ప్రూఫ్ రీడర్‌ను కూడా వర్కింగ్ జర్నలిస్టు నిర్వచనంలో చేర్చింది. హోదా ఒకే వరుసలో ఉన్నా అధికారం మాత్రం ఒకటి కాదు.

మళ్లీ ఆ అద్దె దగ్గరికి వద్దాం. కాస్త చట్టం తెలిసిన ప్రూఫ్ రీడర్‌కు ఇక్కడ చెయ్యి దురద పెడుతుంది. చెక్కుల మీద, ప్రామిసరీ నోట్ల మీద అంకెలకూ అక్షరాలకూ తేడా వస్తే అక్షరాల్లో ఉన్నదే లెక్క అని 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 18వ సెక్షన్ చెబుతోంది. బ్యాంకుల్లో పనిచేసినవాళ్లకు ఇది కంఠోపాఠం. ఆ జ్ఞానంతో 18,500ను 18,050గా దిద్దేస్తే ఏమవుతుంది? అద్దె ఒప్పందం చెక్కూ కాదు, నోటూ కాదు. ఆ సెక్షన్ దీనికి వర్తించదు. అక్షరాల్లో ఉన్నదానికే మొగ్గు ఇవ్వాలా, ఒప్పందంలోని మిగతా షరతులు చూసి తేల్చాలా అన్నది న్యాయవాది చెప్పవలసిన సంగతి.

పైగా అయిదో షరతులో ఇంకో ఆధారం ఉంది. “అడ్వాన్సు కింద మూడు నెలల అద్దె రూ. 55,500 ముట్టినది” అని. 55,500ను మూడుతో భాగిస్తే 18,500 వస్తుంది. అంటే అంకెలే ఒప్పు, అక్షరాల్లో ‘అయిదు వందలు’ జారిపోయి యాభై అయింది. దాదాపు ఖాయంగా ఇదే జరిగి ఉంటుంది. అయినా దిద్దకూడదు. బేరం 18,050 దగ్గర తెగి, పాత అడ్వాన్సు లెక్క అలాగే మిగిలిపోయి ఉండవచ్చు. ఆ బేరం జరిగినప్పుడు ప్రూఫ్ రీడర్ అక్కడ లేరు. ఆయన చేయాల్సిందల్లా పక్కన ఇలా రాయడమే: “4వ షరతు: అంకెల్లో 18,500, అక్షరాల్లో 18,050. 5వ షరతులో మూడు నెలల అద్దె 55,500 అని ఉంది. ఏది ఉంచాలి?” ఇందులో సలహా లేదు, తీర్పు లేదు. చూసేవారికి కావలసిన మూడు అంకెలూ ఒక్కచోట ఉన్నాయి.

ఇదే ఒప్పందంలో రెండో షరతు “2025 ఏప్రిల్ 1 నుంచి 2026 మార్చి 31 వరకు పదకొండు నెలల కాలానికి” అంటోంది. వేళ్లు మడిచి లెక్కపెడితే పన్నెండు నెలలు వస్తాయి. పదకొండే నిజమైతే గడువు ఫిబ్రవరి 28తో ముగియాలి. పదకొండు నెలలకు రాసుకుంటే రిజిస్ట్రేషన్ అక్కర్లేదన్న మాట జనంలో బాగా నాటుకుపోయింది. అది మన రాష్ట్రాల్లో ఎంతవరకు నిలుస్తుందో న్యాయవాదే చెప్పాలి. ఆ మాటను నమ్ముకుని ప్రూఫ్ రీడర్ మార్చిని ఫిబ్రవరిగా మార్చినా, లెక్కను నమ్ముకుని పదకొండును పన్నెండు చేసినా ఆయన అక్షరం దిద్దినట్టు కాదు, గడువు దిద్దినట్టు.

ఆరో షరతు తర్వాత ఎనిమిది వచ్చింది. ఏడు లేదు. పుస్తకంలో అధ్యాయం సంఖ్య ఇలా తప్పితే వరుస సరిచేసి ముందుకు పోతాం. ఇక్కడ పన్నెండో షరతులో “పై 8వ షరతులో చెప్పిన నోటీసు ప్రకారం” అని ఉంది. ఎనిమిదిని ఏడు చేస్తే తొమ్మిది ఎనిమిదవుతుంది, పన్నెండో షరతు వెళ్లి నోటీసుకు బదులు వేరే షరతు మీద వాలుతుంది. అసలు ఏడో షరతును ఎవరైనా కావాలనే తీసేశారా, కంపోజింగులో పోయిందా? ఒప్పుకున్న ప్రతి చేతిలో ఉంటే ఒక్క చూపులో తేలిపోయే సంగతి ఇది. అందుకే అనుభవమున్నవాళ్లు మూలప్రతి ఇవ్వకుండా ప్రూఫు ఒక్కటే చేతిలో పెడితే ముందు మూలప్రతి అడుగుతారు. అది లేకుండా చూసేది ప్రూఫు కాదు, ఉత్త చదువు.

ఇక కాపీ ఎడిటర్లు బోల్తాపడే చోటు ఒకటుంది. మొదటి ఎనిమిది షరతుల్లో ‘అద్దెదారు’ అనీ, తొమ్మిదో షరతులో ‘కిరాయిదారు’ అనీ ఉంది. రెండు పాత ఫైళ్లు కలిపి కొత్త ఒప్పందం తయారుచేస్తే ఇలా జరగడం మామూలే. కాపీ ఎడిటర్ నేర్చుకున్న మొదటి పాఠం, ఒకే మనిషిని ఒకే మాటతో పిలవాలని. పద్ధతి ప్రకారం అన్నిచోట్లా అద్దెదారు అని మార్చేయాలి. తొమ్మిదో షరతు మొత్తం చదివితే సంగతి వేరు. “కిరాయిదారు వదిలివెళ్లిన బీరువాలు, రాక్‌లు నెలలోగా తీయించవలెను” అని ఉంది. ఇక్కడ కిరాయిదారు అంతకు ముందు ఆ దుకాణంలో ఉండి వెళ్లినాయన. పేరు ఏకం చేస్తే ఇంకా దుకాణంలో అడుగుపెట్టని మనిషి నెత్తిన వేరొకరి బీరువాలు పడతాయి. అంటే చట్టపరమైన కాగితంలో కాపీ ఎడిటర్ చెయ్యి కూడా కురచవుతుంది. మామూలు వ్యాసంలో ఒకే మాట తొమ్మిదిసార్లు వస్తే చెవికి మోత. ఒప్పందంలో అదే మాట తొమ్మిదిసార్లు రావడం రక్షణ. అందంగా ఉంటుందని మధ్యలో ‘ఆయన’ అని వేస్తే, యజమానీ అద్దెదారూ ఇద్దరూ మగవాళ్లయినప్పుడు ఆ ఆయన ఎవరో తేల్చడానికి మరో ఇద్దరు లాయర్లు కావాలి.

పధ్నాలుగో షరతు: “గడువుకు ముందే ఖాళీ చేసినచో అడ్వాన్సు మొత్తం తిరిగి ఇవ్వబడదు”. అక్షరదోషం లేదు. ‘ఇవ్వబడదు’ అన్న ప్రయోగం నాకైతే పంటికింద రాయే. యజమాని తిరిగి ఇవ్వనక్కర్లేదు అంటే ఎంత హాయిగా ఉంటుంది! అలా మార్చడం కాపీ ఎడిటర్ అధికారంలో ఉంది, ప్రూఫ్ రీడర్ అధికారంలో లేదు. ఈ షరతు నిలుస్తుందా అన్నది మూడో ప్రశ్న. ఒప్పందం తప్పినందుకు ఇంత సొమ్ము అని ముందే రాసుకున్నా, కోర్టు ఆ సొమ్ముకు మించకుండా సబబైన పరిహారమే ఇప్పిస్తుందని 1872 కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ సారాంశం. దాన్ని ఈ అడ్వాన్సుకు ఎలా అన్వయించాలో న్యాయవాది చూసుకుంటారు. ప్రూఫ్ రీడర్ పక్కన ‘ఈ షరతు చెల్లదు’ అని రాస్తే అది ప్రూఫు దిద్దడం కాదు, సలహా ఇవ్వడం. మన దేశంలో న్యాయవృత్తి చేసే హక్కు 1961 అడ్వకేట్ల చట్టం ప్రకారం న్యాయవాదులకే ఉంది. ఆ వృత్తి అంటే కోర్టులో వాదించడం ఒక్కటే కాదని, సలహా ఇవ్వడం, పత్రాలు తయారుచేయడం కూడా అందులోకే వస్తాయని 2018లో ఏకే బాలాజీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

అద్దె కాగితంలో తప్పు దొర్లితే పోయేది వేలల్లో ఉంటుంది. భూమి కాగితం దగ్గర ఒక్క దీర్ఘమే పొలాన్ని మార్చేస్తుంది. తెలంగాణ పహాణీల్లో సర్వే నంబరు కింద విడగొట్టిన ముక్కలకు అ, ఆ, ఇ, ఈ అని తెలుగు అక్షరాలు వేస్తారు. 143/అ ఒకరిది, 143/ఆ పక్కవారిది. ప్రూఫులో మొదటి పేజీలో 143/అ, షెడ్యూల్లో 143/ఆ కనిపిస్తే, దీర్ఘాలు దిద్ది దిద్ది అలవాటుపడిన చెయ్యి దానంతటదే కదులుతుంది. ఇక్కడ అది దీర్ఘం కాదు, సరిహద్దు గట్టు.

విస్తీర్ణం ఇంకా జారుడు. “2-20” అని ఉన్నదాన్ని అంతటా ఒకే తీరు ఉండాలని ఎవరో “2.20” చేశారనుకోండి. తెలంగాణలో అది చదివేవారికి రెండెకరాల ఇరవై గుంటలు. ఎకరానికి నలభై గుంటలు కాబట్టి రెండున్నర ఎకరాలు. ఆంధ్రలో ఎకరానికి వంద సెంట్ల లెక్క. అక్కడివారికి 2.20 అంటే రెండెకరాల ఇరవై సెంట్లు. రెండిటికీ మధ్య తేడా 30 సెంట్లు, అంటే 12 గుంటలు, అంటే 1,452 చదరపు గజాలు. హైదరాబాదు పొలిమేరల్లో అన్ని గజాలంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. అడ్డగీతను చుక్క చేయడం అచ్చుపనిలో అతి చిన్న మార్పు. భూమి కాగితంలో అది చిన్న మార్పు కాదు. కాబట్టి షెడ్యూలులోని అంకెలు, గీతలు, చుక్కలు, హద్దుల వరుస, గజాలా గుంటలా అన్న మాట, అన్నీ మూలంలో ఎలా ఉంటే అలాగే వదిలేయాలి. సరిపోలకపోతే అడగాలి.

పేర్ల సంగతీ అంతే. ‘లక్ష్మి’కి దీర్ఘం ఉండాలా వద్దా అన్న వ్యాకరణ చర్చ వేరేచోట పెట్టుకుందాం. దస్తావేజులో ఆమె పేరు ఆమె గుర్తింపుకార్డులో ఎలా ఉంటే అలా ఉండాలి. ‘వెంకట సుబ్బారావు’ను కలిపి రాయడం, ఇంటిపేరు పొడి అక్షరాన్ని విప్పి రాయడం లాంటి సాయాలు ఎవరూ కోరలేదు. కోర్టు సాక్ష్యాలు, ఎఫ్ఐఆర్ నకళ్లు, చట్టంలోంచి ఎత్తి రాసిన సెక్షన్లు, పాత దస్తావేజులోంచి తెచ్చిన వాక్యాలు కూడా తప్పులతో సహా అలాగే ఉండాలి. ప్రూఫ్ రీడర్ చేయాల్సింది అసలుతో పోల్చి, ఆ తప్పు అసలులోనూ ఉందని నిర్ధారించడం. అసలులో ఉంటే అది తప్పు కాదు, సాక్ష్యం.

ప్రూఫ్ రీడర్ శైలి నియమం అక్షరాలా పాటించినా కాగితం మునగవచ్చని చెప్పడానికి అమెరికాలో ఓ కేసు ఉంది. మెయిన్ రాష్ట్రంలో వారానికి నలభై గంటలు దాటి పనిచేస్తే ఆపై గంటలకు ఒకటిన్నర రెట్ల జీతం ఇవ్వాలి. కొన్ని పనులకు మాత్రం చట్టం మినహాయింపు ఇచ్చింది. ఆహార పదార్థాలను డబ్బాలకెత్తడం, శుద్ధిచేయడం, ఎండబెట్టడం, నిల్వచేయడం ఇలా సాగిన జాబితా చివర ప్యాకింగు, రవాణా, పంపిణీ అనే మూడు మాటలు కలిసి ఉన్నాయి. ఇంగ్లీషు వాక్యంలో ‘లేదా’కు ముందు కామా లేదు. దాంతో రెండు అర్థాలొచ్చాయి. రవాణాకోసం ప్యాక్ చేయడం ఒక పని, పంపిణీ చేయడం ఇంకో పని అని ఒకటి. రవాణాకు గానీ పంపిణీకి గానీ ప్యాక్ చేయడం అనే ఒకే పని అని రెండోది. ఓక్‌హర్స్ట్ డెయిరీ పాల వ్యాన్లు నడిపే డ్రైవర్లు పంపిణీ చేస్తారు, ప్యాక్ చేయరు. మొదటి అర్థమైతే వాళ్లకు అదనపు జీతం రాదు. రెండోదైతే వస్తుంది.

కింది కోర్టు డెయిరీ వైపు మొగ్గింది. 2017 మార్చిలో ఫెడరల్ అప్పీలు కోర్టు ఆ తీర్పును తిప్పేసింది. కామా లేదు కాబట్టి డ్రైవర్లదే ఒప్పు అని జడ్జీలు అనలేదు. వాక్యం రెండు రకాలుగానూ చదవవచ్చు, అలాంటప్పుడు మెయిన్ రాష్ట్ర సంప్రదాయం ప్రకారం జీతాల చట్టాన్ని కార్మికులకు అనుకూలంగా చదవాలి అన్నారు. మరుసటి ఏడాది డెయిరీ 50 లక్షల డాలర్లకు రాజీ చేసుకుంది.

నాకు ఈ కేసులో కామా కంటే ఆసక్తి కలిగించేది వేరే ఉంది. ఆ రాష్ట్ర శాసనాలు రాసేవారి శైలిపుస్తకమే జాబితాలో చివరి అంశానికి ముందు కామా పెట్టవద్దని చెబుతోంది. అర్థం చెదిరే జాబితాలతో జాగ్రత్త అనీ హెచ్చరిస్తోంది. అంటే ఆ ప్రూఫు చూసినవారు శైలి ప్రకారం ఏ తప్పూ చేయలేదు. కామా పెట్టినా, పెట్టకపోయినా ఆయన ఒక అర్థాన్ని ఎంచుకున్నట్టే అవుతుంది. చట్టం అర్థాన్ని ఎంచుకోవలసింది శాసనసభ. తర్వాత ఆ సభే జాబితాలో కామాలు తీసేసి సెమీకోలన్లు పెట్టింది, పంపిణీ అన్న మాటను కూడా మిగతా పనుల వరుసలోకి తెచ్చింది.

తెలుగులో విభక్తులు మనల్ని ఈ కామా గొడవ నుంచి చాలావరకు కాపాడతాయి. మనకు వేరే గోతులున్నాయి. “పాత దుకాణాలు, గోదాములు పడగొట్టవలెను” అంటే గోదాములు కూడా పాతవేనా, మొత్తం గోదాములా? ‘పాత’ ఎంతదాకా పాకుతుందో వాక్యం చెప్పదు. “యజమాని అద్దెదారుతో మాట్లాడి తన ఖర్చుతో మరమ్మతు చేయించవలెను” అన్నదాంట్లో ‘తన’ యజమాని మీదికి వెళ్తుందని వ్యాకరణం. అద్దెదారు మీదికి లాగేవారు లాగనే లాగుతారు. ఇక ‘ఇవ్వవలెను’, ‘ఇవ్వవచ్చును’ మధ్య ఒక బాధ్యత మొత్తం ఉంది. ప్రూఫులో ‘వచ్చును’ అని ఉండి మూలంలో ‘వలెను’ ఉంటే ప్రూఫ్ రీడర్ ధైర్యంగా దిద్దవచ్చు, ఎందుకంటే ఆధారం చేతిలో ఉంది. మూలంలోనే ‘వచ్చును’ ఉండి, అది వలెను కావాలని తోస్తే అడగాలి. ఎంత పెద్ద మార్పు అన్నది కాదు లెక్క, ఆధారం ఎక్కడుందన్నది.

పత్రికాఫీసులో ఈ గీత ఇంకొంచెం ముళ్లతో ఉంటుంది. రాత్రి పేజీ వెళ్లిపోయే వేళ, ప్రూఫులో “హత్య చేసిన వ్యక్తిని పోలీసులు అరెస్టు చేశారు” అని ఉంది. అక్షరదోషం ఒక్కటీ లేదు. అరెస్టయిన మనిషి ఇంకా నిందితుడే, హత్య చేశాడని ఏ కోర్టూ తేల్చలేదు. ఇలాంటిది డెస్కు మీదే ఆగాలి. సబ్ ఎడిటర్ చూసి ఉంటే ‘హత్య కేసులో నిందితుణ్ని’ అని మార్చేవారు. జారి ప్రూఫుకు వస్తే ప్రూఫ్ రీడర్ దాన్ని మార్చి ఊరుకోకూడదు, చూసీ చూడనట్టు వదిలేయనూ కూడదు. పేజీ ఆపి డెస్కుకు చెప్పాలి. అదే వార్తలో పక్క పెట్టెలో, శీర్షికలో, ఫొటో కింది వ్యాఖ్యలో అదే తప్పు ఉండి ఉంటుంది. ప్రూఫ్ రీడర్ ఒక్కచోట మార్చి వెళ్లిపోతే మిగతావి అలాగే అచ్చవుతాయి.

ఒక రకం వార్త దగ్గర ఆగడం కాదు, అరవాలి. అత్యాచార బాధితురాలి పేరుగానీ, ఆమెను గుర్తుపట్టించే వివరంగానీ అచ్చువేయడం భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ ప్రకారం నేరం. బాధితులు పిల్లలైతే పోక్సో చట్టం 23వ సెక్షన్ ఇంటి చిరునామా, బడి, చుట్టుపక్కల ప్రాంతం వంటివి కూడా బయటపెట్టకూడదంటుంది. ఉద్యోగి చేసిన పొరపాటుకు ప్రచురణకర్త, యజమాని కూడా బాధ్యులేనంటుంది. వార్తలో అమ్మాయి పేరు తీసేసి, ‘ఫలానా ఊళ్లో కిరాణా కొట్టు నడిపే ఫలానాయన రెండో కూతురు’ అని ఉంచారనుకోండి. చిన్న ఊళ్లో అంతకన్నా గుర్తు ఇంకేం కావాలి? పేరు లేదు కదా అని ముందున్న ముగ్గురూ దాటేసి ఉండవచ్చు. చివరగా చదివేది ప్రూఫ్ రీడరే. ఏ వివరం ఉంచాలి, ఏది తీయాలి అన్నది సంపాదకుడు, న్యాయ సలహాదారు తేలుస్తారు. ఆ ప్రశ్న వాళ్ల బల్ల మీదకు చేరేలా చూడడం మాత్రం ప్రూఫ్ రీడర్ అధికారంలోనే ఉంది.

ఇన్నిచోట్ల అడగాలి అంటున్నాను కాబట్టి ఎలా అడగాలో కూడా చెప్పాలి. పాతరోజుల్లో మార్జిన్‌లో ప్రశ్నార్థకం పెట్టి గుండ్రం చుట్టేవారు. ఇప్పుడు తెర మీద వ్యాఖ్య పెడతారు. రూపం ఏదైనా, బాగున్న ప్రశ్నలో చోటు, కనిపించినది, కావలసిన జవాబు మూడూ ఉంటాయి. “12వ షరతులో 60 రోజులు, 19లో రెండు నెలలు. రెండూ ఒకటేనా?” అన్నది మంచి ప్రశ్న. రెండు నెలలంటే ప్రతిసారీ 60 రోజులు కావు. దాన్ని వివరించనక్కర్లేదు, చదివే న్యాయవాదికి అది తడుతుంది. “గడువు విషయం ఒకసారి చూసుకోగలరు” అన్నది చెడ్డ ప్రశ్న. ఏ గడువో, ఏం చూడాలో తెలియక అవతలివాళ్లు ‘ఓకే’ అని పెట్టి పంపేస్తారు.

జవాబు వచ్చేదాకా మూలంలో ఉన్నదే ప్రూఫులో ఉండాలి. ప్రశ్న అడిగి, తనకు తోచిన మార్పు కూడా చేసేసి ఉంచితే, ఎవరూ జవాబు చెప్పని రోజున ఆ మార్పే అచ్చవుతుంది. తెర మీద దిద్దేటప్పుడు మార్పులన్నీ రంగులో కనిపించేలా ఉంచడం తప్పనిసరి. కనిపించకుండా పడిన ఒక్క మార్పు బయటపడినా, మిగతా పత్రమంతా న్యాయవాది మొదటినుంచీ మళ్లీ చదువుకోవాలి. జవాబు ఫోన్‌లో వస్తే, ఎవరు చెప్పారో ఎప్పుడు చెప్పారో ఆ వ్యాఖ్య కిందే రాసుకోవడం మంచిది. అద్దె 18,500 అని చెప్పినాయనే మూడు నెలల తర్వాత నేనలా చెప్పలేదంటే, అప్పుడు ఆ రెండు వరుసలే దిక్కు.

“మీకు తెలుసుగా, మీరే సరిచేసేయండి” అనే ఖాతాదారులు ఉంటారు. డబ్బు కలిసొస్తుందని కాపీ ఎడిటింగు, ప్రూఫు కలిపి ఒక్కరికే ఇవ్వడమూ మామూలే. చేయకూడదని కాదు. రెండు పనులూ ఒకేసారి చేయకూడదు. ముందు కాపీ ఎడిటరుగా చదివి, మార్పులన్నీ చూపించి ఒప్పించుకుని, ఆ ఒప్పుకున్న ప్రతిని మూలంగా పెట్టుకుని మళ్లీ ప్రూఫు చూడాలి. ఒప్పందాలు, దస్తావేజులైతే పని ఒప్పుకునేటప్పుడే ఓ వాక్యం రాసి ఇచ్చేస్తే ఇద్దరికీ మేలు: అక్షరదోషాలు, అంకెల పొంతన, షరతుల సంఖ్యలు చూస్తాను, చట్టపరమైన సబబు చూడను అని.

సంతకాలు పడ్డాక ప్రూఫ్ రీడర్‌కు ఇక ఏ పనీ లేదు. అప్పుడు 143/అ బదులు 143/ఆ పడిందని కనిపెట్టినా, ఆ ‘ఆ’ మీద పెన్ను పెట్టే హక్కు ఆయనకు లేదు. దస్తావేజు లేఖరికీ లేదు. చెప్పాల్సినవాళ్లకు చెప్పడం ఒక్కటే. రిజిస్టరైన పత్రమైతే అమ్మినవారూ కొన్నవారూ మళ్లీ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లి సవరణ దస్తావేజు రాయించుకోవాలి. అమ్మినాయన ఈలోగా చనిపోయి ఉంటే ఆయన వారసులు రావాలి. ఎవరైనా రానంటే, ఆ తప్పు ఇద్దరి పొరపాటువల్లగానీ మోసంవల్లగానీ దొర్లిందని చూపించి, 1963 స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 26వ సెక్షన్ కింద పత్రం సరిచేయమని కోర్టులో దావా వేసుకోవాలి. ఆ దావాలో సాక్ష్యంగా మొదట అడిగే కాగితాల్లో పాత చిత్తుప్రతులు ఉండవచ్చు, వాటి మార్జిన్లలో ఎవరో వేసిన ప్రశ్నార్థకాలతో సహా.